కూలిన డ్యామా, కూలబోయే డ్యామా?

ఆ రాత్రి షిఫ్టులో నా ముందుకు వచ్చిన అలర్ట్‌లో ఉన్నవి ఐదే మాటలు: "డాక్టర్ హెల్డ్ ఓవర్ పేషెంట్ డెత్". ఏజెన్సీ నుంచి హెడ్డింగ్ ఒక్కటే వచ్చింది, కథనం ఇంకా రాలేదు. "రోగి మృతి కేసులో డాక్టర్ అరెస్టు" అని తెలుగు చేసి పెట్టేశాను. హెడ్డింగ్ కింద ఖాళీగా ఉంటే బాగుండదని ఓ వాక్యం కూడా అల్లాను: "రోగి మృతికి కారణమయ్యాడన్న ఆరోపణపై ఓ వైద్యుడిని పోలీసులు అరెస్టు చేశారు." పావుగంట తర్వాత అసలు కథనం వచ్చింది. అరెస్టు జరగలేదు, ప్రశ్నించడానికి అదుపులోకి తీసుకున్నారంతే. మృతికి కారణమని ఎవరూ అనలేదు, ఆస్పత్రి రికార్డుల్లో తేడాలు కనిపించి వాటి గురించి అడుగుతున్నారు. పైగా ఆ డాక్టర్ మహిళ.

ఐదు మాటల్లో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా మూడు తప్పులు చేశాను. ఇంగ్లిష్ రాక చేసిన తప్పులైతే సిగ్గుపడి ఊరుకునేవాణ్ని. అవి ఆ రకం కాదు. ఇంగ్లిష్ హెడ్డింగ్ నాకు చెప్పని మూడు సంగతులను తెలుగు వాక్యం నన్ను అడిగింది. నా దగ్గర సమాధానం లేదు, కానీ వాక్యం ఆగనివ్వదు కదా. తోచింది చెప్పేశాను.

అప్పటి నుంచి హెడ్డింగుల అనువాదం మీద నాకో అభిప్రాయం స్థిరపడింది. హెడ్డింగ్‌ను వాక్యం అనుకుని అనువదించకూడదు. అది సరుకు డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది. చీటీ చూసి ఇంకో చీటీ రాస్తే లోపల ఏముందో తెలిసినట్టు కాదు. డబ్బా తెరిచి చూసి కొత్త చీటీ రాయాలి. తెరిచే వీలు లేకపోతే, తెలియని సంగతిని తెలియనట్టుగానే ఉంచే మాట వెతకాలి. వినడానికి తేలిగ్గా ఉంది గానీ ఇందులో నాకే కొన్ని సందేహాలున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నవ్వు తెప్పించేవాటితో భయం లేదు

హెడ్డింగుల్లో రెండర్థాల గురించి ఎక్కడ చదివినా ముందు తగిలేవి నవ్వించే ఉదాహరణలే. అన్నిటికన్నా పేరుపడింది 2009లో ఒక జపాన్ ఇంగ్లిష్ వార్తా సైట్‌లో వచ్చింది: "వయొలినిస్ట్ లింక్డ్ టు జాల్ క్రాష్ బ్లాసమ్స్". కాపీ ఎడిటర్లు కబుర్లు చెప్పుకునే ఒక ఫోరంలో దీన్ని చూసి "ఈ క్రాష్ బ్లాసమ్స్ ఏమిటి?" అని ఎవరో అడిగారు. ఇలా దారి తప్పించే హెడ్డింగులన్నిటికీ ఆ మాటే పేరైపోయింది. మరుసటి ఏడాది భాషా విషయాలు రాసే బెన్ జిమ్మర్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో దీని గురించి రాశాక పేరు ఇంకా పాకింది.

హెడ్డింగ్‌లో జరిగిందేమిటంటే, "బ్లాసమ్స్" ఇంగ్లిష్‌లో క్రియా కావచ్చు, పూలు అనే నామవాచకమూ కావచ్చు. "లింక్డ్" చూడండి: ముడిపడింది అనీ అవుతుంది, ముడిపడిన అనీ అవుతుంది. రాసినవాళ్ల ఉద్దేశం ప్రకారం జాల్, అంటే జపాన్ ఎయిర్‌లైన్స్, విమాన ప్రమాదంతో ముడిపడిన వయొలిన్ కళాకారిణి వికసిస్తోంది. చదివినవాళ్లకు "జాల్ క్రాష్ పూలతో" ముడిపడిన కళాకారిణి కనిపించింది.

దీన్ని తెలుగు చేయబోతే ఆ చిక్కు ఇట్టే విడిపోతుంది. ముడిపడిన వేరు, ముడిపడింది వేరు. పూలు వేరు, పూసింది వేరు. ఏది విశేషణమో ఏది వాక్యాన్ని ముగించే క్రియో మన ప్రత్యయాలే చెప్పేస్తాయి. పైగా క్రియ చివర్న కూర్చుంటుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. ఈ రకం రెండర్థాలు అనువాదకుణ్ని పెద్దగా ఇబ్బంది పెట్టవు. రెండో అర్థం ఎంత విడ్డూరంగా ఉంటుందంటే, దాన్ని ఎవరూ పొరపాటున ఎంచుకోరు. నవ్వు వచ్చిందంటేనే తప్పు పట్టుబడినట్టు.

నేను చాలాకాలం ఈ ఉదాహరణను అక్కడితోనే వదిలేశాను. ఓసారి సరదాగా తెలుగులోకి మార్చి చూశాను: "జాల్ విమాన ప్రమాదంతో సంబంధం ఉన్న వయొలిన్ కళాకారిణి..." అక్కడ ఆగిపోయాను. ప్రమాదంతో సంబంధం ఉన్న? ఈ మాట తెలుగులో వినగానే ఆమె మీద ఏదో కేసు ఉందనిపిస్తుంది. సంగతి అది కాదు. డయానా యుకావా అనే ఆ కళాకారిణి తండ్రి 1985 ఆగస్టు 12న కూలిన జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానంలో చనిపోయాడు. ఆ ప్రమాదంలో 520 మంది పోయారు. ఆమె పుట్టేనాటికి తండ్రి లేడు. "లింక్డ్" అనే మాట వెనక ఇంత దుఃఖం ఉంది, అందరం "బ్లాసమ్స్" దగ్గర నవ్వుకుంటూ ఉండిపోయాం.

తెలుగులో రాయాల్సింది "విమాన ప్రమాదంలో తండ్రిని కోల్పోయి, వయొలిన్‌లో రాణిస్తూ..." అని. అది హెడ్డింగ్ చదివితే తెలిసేది కాదు, కథనం చదివితే తెలిసేది. నా వాదనంతా దాదాపుగా ఇదే. వ్యాకరణం తికమకపడి నవ్వు తెప్పించే చోట అనువాదం సురక్షితంగానే ఉంటుంది. ఏ తికమకా లేకుండా సాఫీగా చదివించుకుపోయే చోటే చెడుతుంది.

కుక్కకాటు హెడ్డింగ్ కూడా అంతే. "స్క్వాడ్ హెల్ప్స్ డాగ్ బైట్ విక్టిమ్". కొలంబియా జర్నలిజం రివ్యూ ఇలాంటి పొరపాట్లను ఏరి 1980లో వేసిన సంకలనానికి దీన్నే పేరుగా పెట్టారు. బాధితుణ్ని కరవడానికి కుక్కకు సాయపడ్డారా అని నవ్వుతాం. తెలుగులో "కుక్కకాటు బాధితుడికి సాయం" అనగానే ఆ గొడవ పోయింది. కానీ బాధితుడికా, బాధితురాలికా? ఇంగ్లిష్ హెడ్డింగ్‌లో ఆ సంగతి లేదు. నవ్వుతూ నవ్వుతూ మనమే ఒక మగవాణ్ని పుట్టించాం.

ఇంగ్లిష్ దాచేది, తెలుగు అడిగేది

ఇంగ్లిష్ హెడ్డింగ్ ఇలా నలగడానికి మూలం కాలమ్ వెడల్పు. అచ్చు అక్షరాలు పేర్చే రోజుల్లో సబ్ ఎడిటర్లు హెడ్డింగ్‌ను లెక్కబెట్టి రాసేవాళ్లు. మామూలు చిన్నక్షరానికి ఒకటి, ఎఫ్, ఎల్, ఐ, టీ, జే లాంటి సన్నక్షరాలకు సగం, ఎం, డబ్ల్యూలకు ఒకటిన్నర. లెక్క మించితే లైను పట్టదు. అందుకే ఆర్టికల్స్ పోయాయి, "ఈజ్", "వాజ్" పోయాయి, "అండ్" బదులు కామా వచ్చింది. పొడుగు మాటల స్థానంలో ప్రోబ్, బిడ్, రో, యాక్స్ లాంటి పొట్టి మాటలు వచ్చి కూర్చున్నాయి. జరిగిపోయిన పనికి వర్తమాన కాలం, జరగబోయే పనికి "టు" వాడడం మొదలైంది. ఇప్పుడు తెర మీద అంత ఇరుకు లేకపోయినా ఆ యాస పోలేదు. ఆ యాసలో రాస్తేనే వార్తలా ఉంటుందని పాఠకుడికీ అలవాటైపోయింది.

ఈ పోయిన చిన్న మాటలే ఇంగ్లిష్ వాక్యానికి కీళ్లు. తెలుగుకు కీళ్లు మాటల చివర్న ఉంటాయి: ను, కు, తో, పై, డు, రు, ది. ఇంగ్లిష్‌లో కీలు తీసేసినా ఎముకలు వరసలో ఉంటాయి, చూసేవాడు ఊహించుకుంటాడు. తెలుగులో ఆ ఎముకలను నిలబెట్టాలంటే ప్రతి కీలూ నేను తగిలించాలి. ఏ కీలు తగిలించాలో చెప్పే సమాచారాన్నే అక్కడ తీసేశారు.

లింగం సంగతి కొంత నయం. "రు" అనే గౌరవ ప్రత్యయం వెనక దాక్కోవచ్చు. "డాక్టర్ చెప్పారు" అంటే ఆడో మగో, ఒక్కోసారి ఒకరో ఇద్దరో కూడా తెలియదు. డెస్క్‌లో పనిచేసే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఈ గొడుగు కింద నిలబడినవాళ్లే. కానీ గౌరవం అందరికీ ఇవ్వం. "దొంగ పారిపోయారు" అని ఏ పత్రికా రాయదు. నిందితుల దగ్గరికి వచ్చేసరికి గొడుగు మూసుకుపోతుంది, వాడో ఆమో తేల్చాల్సిందే. గమనించారా, ఎక్కడ పొరపాటు చేస్తే ఎక్కువ హాని జరుగుతుందో సరిగ్గా అక్కడే భాష మనకు దాక్కునే చోటు ఇవ్వదు.

లింగం కన్నా చాలా పెద్ద చిక్కు కాలం తెచ్చిపెట్టింది. దానికో సంఘటన ఉంది.

డ్యామ్ నిలబడే ఉంది

ఇంకో రాత్రి, ఇంకో అలర్ట్: "డ్యామ్ కొలాప్స్ వార్నింగ్ ఇగ్నోర్డ్, సేస్ ఇంజినీర్". ఇందులో నవ్వొచ్చేదేమీ లేదు. నత్తి లేకుండా చదువుకోవచ్చు. నేను గబగబా "డ్యామ్ కూలిన ఘటన: హెచ్చరికలు బేఖాతరు" అని కొట్టాను. పక్క సీట్లోంచి తొంగిచూసిన డెస్క్ ఇన్‌ఛార్జి అడిగారు:

"కూలిందా?"

"కొలాప్స్ అని ఉంది కద సార్."

"కొలాప్స్ అని ఉంది. కూలిందని ఎక్కడుంది?"

లేదు. మళ్లీ చదివితే ఎక్కడా లేదు. "కొలాప్స్" అనే నామవాచకానికి కాలం లేదు. కూలిన దానికీ అదే మాట, కూలుతుందని భయపడే దానికీ అదే మాట. "డ్యామ్ కొలాప్స్ ఎంక్వైరీ" అంటే డ్యామ్ కూలిపోయినట్టే, "డ్యామ్ కొలాప్స్ ఫియర్స్" అంటే ఇంకా కూలనట్టే. తర్వాతి మాటను బట్టి మనం ఊహిస్తున్నాం, అంతే. "వార్నింగ్" దగ్గర ఆ ఊహ రెండు వైపులా పోతుంది.

ఆ కాస్త సేపట్లో మేం ఎన్ని అర్థాలు తీశామో చెబుతాను. డ్యామ్ నిన్నో మొన్నో కూలింది, అంతకుముందే హెచ్చరిస్తే అధికారులు వినలేదు అన్నది మొదటిది. రెండోదాని ప్రకారం డ్యామ్ ఇంకా నిలబడే ఉంది, కూలే ప్రమాదం ఉందని హెచ్చరిస్తే ఎవరూ వినడం లేదు. మూడోది ఇన్‌ఛార్జిగారికి తట్టింది: డ్యామ్ కూలుతుండగా దిగువ ఊళ్లకు సైరన్ మోగించారు, జనం పట్టించుకోలేదు. మొదటి రెండిట్లో పట్టించుకోనిది అధికారులు, మూడోదాంట్లో ముంపులో చిక్కుకున్న మనుషులే. తప్పు ఎవరిదన్నదే తలకిందులైపోయింది. ఇక ఆ ఇంజినీర్ హెచ్చరించిన మనిషా, హెచ్చరికను ఎవరో పట్టించుకోలేదని ఇప్పుడు చెబుతున్న మనిషా అన్నది నాలుగో ప్రశ్న.

ఇంగ్లిష్ పాఠకుడికి వీటిలో ఏదీ అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన పని లేదు. అస్పష్టంగా చదువుకుని కింద కథనంలోకి పోతాడు. నాకా వీలు లేదు. "కొలాప్స్"ను తెలుగు చేయాలంటే కూలిన, కూలే, కూలుతుందన్న, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మన క్రియాజన్య విశేషణాలు కాలాన్ని కడుపులో పెట్టుకునే పుడతాయి. "కూలిన" అని రాశానంటే ఒక డ్యామ్‌ను నేనే కూల్చినట్టు.

దారి లేకపోలేదు. "డ్యామ్ కూలుతుందన్న హెచ్చరిక బేఖాతరు: ఇంజినీర్" అని మార్చాం. హెచ్చరించే సమయానికి అది కూలబోయేదే కాబట్టి, ఆ తర్వాత కూలినా కూలకపోయినా వాక్యం తప్పు కాదు. "బేఖాతరు" బదులు "పట్టించుకోలేదు" అని రాసినా ఇంకో లాభం ఉంది. తెలుగులో ఈ "లేదు"కు పురుషా లేదు, వచనమూ లేదు. నేను పట్టించుకోలేదు, వాళ్లు పట్టించుకోలేదు, ప్రభుత్వం పట్టించుకోలేదు, అన్నిటికీ ఒకటే రూపం. "పట్టించుకున్నారు" అని రాయాల్సి వస్తే ఎవరో చెప్పాలి, "పట్టించుకోలేదు"కు అక్కర్లేదు. మన భాషలో ఇంత వెసులుబాటు ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది. మూడో అర్థం మాత్రం ఈ హెడ్డింగ్‌లో పట్టదు. ఇంకో ఇబ్బంది, "కూలుతుందన్న" అని చదివిన తెలుగు పాఠకుడు డ్యామ్ ఇంకా నిలబడే ఉందని ఎక్కువగా అనుకుంటాడు. పూర్తిగా తటస్థంగా ఉండే మాట మాకు దొరకలేదు. కాస్త తక్కువ ప్రమాదమున్న వైపుకు వంగాం. లేని విపత్తును చెప్పడం కన్నా, జరిగిన విపత్తును పది నిమిషాలు ఆలస్యంగా చెప్పడం మేలనుకున్నాం.

ఇరవై నిమిషాలకు కథనం వచ్చింది. డ్యామ్ చెక్కుచెదరకుండా ఉంది. గోడలో పగుళ్ల గురించి ఎప్పుడో ఇచ్చిన నివేదికను పక్కన పడేశారని, రిటైరైన ఇంజినీర్ ఒకాయన విచారణ సంఘం ముందు చెప్పాడు. నా మొదటి హెడ్డింగ్ పోయి ఉంటే ఆ ఇరవై నిమిషాలూ మా పాఠకుల తలల్లో ఒక ఊరు మునిగిపోయి ఉండేది.

మన హెడ్డింగులు మాత్రం?

ఇదంతా చదివి తెలుగు స్పష్టమైన భాష, ఇంగ్లిషే గజిబిజి అని ఎవరైనా మురిసిపోతే ఆగండి. ప్రత్యయాలున్నంతవరకే ఆ స్పష్టత. హెడ్డింగ్‌లో చోటు చాలకపోతే మనమూ ముందు కోసేది వాటినే.

"లారీ ఢీకొన్న బస్సు". ఇలాంటి హెడ్డింగ్ చూడని తెలుగు పాఠకుడు ఉండడు. బస్సు వెళ్లి లారీని గుద్దిందా, లారీ వచ్చి బస్సును గుద్దిందా? "లారీని ఢీకొన్న బస్సు" అంటే స్పష్టం. కానీ ప్రాణం లేని వస్తువుల దగ్గర "ని" వదిలేయడం తెలుగులో మామూలే, పుస్తకం చదివాను, కిటికీ మూశాను అంటాం. ఆ అలవాటు ఇక్కడికొచ్చేసరికి, మన విశేషణ వాక్యంలో కర్తో కర్మో చెప్పే గుర్తు పోతుంది. పులి చంపిన వేటగాడు అన్నా అంతే, చచ్చింది ఎవరో తెలియదు. అక్కడ నవ్వొస్తుంది కనుక ఎవరో ఒకరు పట్టుకుంటారు. లారీ-బస్సు దగ్గర నవ్వు రాదు. రెండూ సంభవమే. ఏ డ్రైవర్ మీద కేసు పెట్టాలన్నది ఒక "ని" మీద ఆధారపడి ఉంది.

దీన్ని ఇంగ్లిష్ చేసేవాళ్ల అవస్థ చూడండి. ఇంగ్లిష్‌లో వరసే వ్యాకరణం. క్రియకు ముందు బస్సు పెడితే గుద్దింది బస్సు. వరస లేని ఇంగ్లిష్ వాక్యం ఉండదు కాబట్టి అనువాదకుడు ఎవరినో ఒకరిని నేరస్తుణ్ని చేయాల్సిందే. "కొలైడ్" అని తప్పించుకోవచ్చనుకోండి. అప్పుడు తెలుగు రిపోర్టర్ నిజంగా ఒక వైపు చెప్పి ఉంటే దాన్ని చెరిపేసినట్టవుతుంది.

"పోలీసుల హత్య" ఇంకోటి. పోలీసులను ఎవరో చంపారా, పోలీసులు ఎవరినో చంపారా? "నాయకుడి హత్య" అంటే నాయకుడు చనిపోయాడని అలవాటుగా తెలుస్తుంది. "పోలీసుల దాడి" అంటే దాడి చేసింది పోలీసులేననీ తెలుస్తుంది. ప్రత్యయం రెండిట్లోనూ ఒకటే, అర్థాన్ని మోస్తున్నది చదివేవాడి అలవాటు. ఆ అలవాటును పదకోశంలో వెతికితే దొరకదు.

ఇక మనదంటూ ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది, దాని మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. మాట్లాడినవాళ్ల మాటనే హెడ్డింగ్‌గా పెట్టేస్తాం: "ఆ డబ్బు నాది కాదు". ఎవరన్నారు? పక్కనే ఫోటో ఉంటుంది. అంటే వాక్యంలో కర్త అక్షరాల్లో లేడు, బొమ్మలో ఉన్నాడు. పేజీ మీద చూస్తే అద్భుతంగా పనిచేస్తుంది, మనిషి ముఖమూ మాటా ఒకేసారి తగులుతాయి. అదే హెడ్డింగ్ ఫోటో లేకుండా అనువాదకుడి తెర మీదికి వస్తే "నాది" అన్నది ఎవరో దేవుడికెరుక. ఓసారి ఇలాంటిదే, నిందితుడి మాటను సాక్షి మాటగా ఇంగ్లిష్‌లో పెట్టిన అనువాదం నా కంటబడింది. కథనంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఎవరి ఫోటో వేశారో అనువదించినవాళ్లకు కనిపించలేదు. వాళ్లను తప్పుపట్టలేకపోయాను. నేనైనా అదే చేసేవాణ్నేమో.

క్రియను తీసేసి చివర నామవాచకం పెట్టడం మన ఇంకో కిటుకు: ఇద్దరు మృతి, పరీక్షలు వాయిదా, మంత్రి రాజీనామా. "ఇద్దరు మృతి" అని మనిషన్నవాడెవడూ నోటితో అనడు, అది హెడ్డింగ్ భాష మాత్రమే. దీంతో మనమూ కాలాన్ని వదిలించుకుంటాం. అంటే ఇంగ్లిష్ "కొలాప్స్" చేసిన పనే మన "రాజీనామా" చేస్తుంది. చేశాడా, చేయబోతున్నాడా, చేయమంటున్నారా?

నా వాదనకు అడ్డం వచ్చేవి

ఇన్‌ఛార్జిగారితో ఈ సంగతి చాలాసార్లు వాదించాను. కథనం వచ్చేదాకా హెడ్డింగ్ ముట్టుకోకూడదన్నది నా మాట. ఆయన నవ్వి, "ఏమయ్యా, అలర్ట్ అంటేనే కథనం లేనిది. కథనం వచ్చాక వేస్తే దాన్ని వార్త అంటారు" అన్నారు. నిజమే. అందరికంటే పది నిమిషాలు వెనకబడమని ఏ యాజమాన్యమూ చెప్పదు. నా నియమం సాగేది తీరిగ్గా పేజీలు పెట్టుకునే పనిలోనే గానీ అలర్టుల దగ్గర కాదు. అలర్టుల దగ్గర చేయగలిగింది తక్కువ. హెడ్డింగ్ చదవగానే మనసులో వచ్చిన తెలుగు వాక్యాన్ని పట్టుకుని, ఇందులో ఇంగ్లిష్ చెప్పనిది ఏముందని ఒక్కసారి తడుముకుంటాను. చేసిందెవరు, జరిగిందా జరగబోతోందా, ఒకరా ఇద్దరా, ఆడా మగా. ఏదైనా నేను కల్పించిందైతే ఆ మాట మారుస్తాను. హెడ్డింగ్ చప్పబడుతుంది. "అరెస్టు" కన్నా "పోలీసుల అదుపులో" పొడుగు, బలహీనం. ఒప్పుకుంటాను.

రెండో అభ్యంతరం నాకు నేనే తెచ్చుకున్నది, దీనికి ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కథనం చదివి స్పష్టంగా రాయాలంటున్నాను కదా, మరి మూలంలో అస్పష్టత కావాలనే పెట్టి ఉంటే? "హెల్డ్ ఓవర్" అన్న మాట ఇరుకు వల్ల మాత్రమే వచ్చింది కాదు. నేరం మోపకముందే మనిషిని నేరస్తుణ్ని చేయకూడదన్న జాగ్రత్త కూడా అందులో ఉంది. "ఓవర్" అంటే దానికి సంబంధించి అని మాత్రమే అర్థం, దానివల్ల అని కాదు. బ్రిటిష్ పత్రికలు మధ్యలో ఒక మాటకు ఒంటి కొటేషన్ గుర్తులు పెడతాయి, ఉదాహరణకు 'పాయిజన్డ్' వాటర్. నీళ్లలో విషం కలిసిందని ఎవరో అంటున్నారు, మేం అనడం లేదు అని దానర్థం. అవే గుర్తులు తెలుగులో పెడితే వెటకారంలాగో, ఆ మాటను నొక్కి చెప్పినట్టో అనిపిస్తుంది. "విషం కలిసిందట" అంటే అర్థం సరిగ్గా కుదురుతుంది గానీ, పత్రిక అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంటుంది. "విషం కలిసిందని ఆరోపణ" అంటే మర్యాదగా ఉంది, అయితే ఆరోపించిన మనిషి ఒకడు కావాలి, అక్కడ ఎవరో వ్యక్తం చేసింది అనుమానం మాత్రమే కావచ్చు.

అంటే స్పష్టం చేయడమే ఎప్పుడూ మంచి అనువాదం కాదు. ఏ అస్పష్టత ఇరుకు వల్ల వచ్చింది, ఏది జాగ్రత్త వల్ల వచ్చింది అన్నది తేల్చుకోవాలి. మొదటిదాన్ని విప్పాలి, రెండోదాన్ని అలాగే మోసుకురావాలి. హెడ్డింగ్ ఒక్కటీ చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నేను అనుసరించే కొండగుర్తు ఒకటుంది: కథనం మొదటి పేరాలో విషయం తేటగా ఉండి హెడ్డింగ్‌లోనే మసకగా ఉంటే అది ఇరుకు. మొదటి పేరా కూడా అదే మసకతో, అదే మాటతో ఉంటే, దాన్ని ఎవరో లాయర్ చూసి పంపారని అర్థం. ఈ గుర్తు కూడా అన్నిసార్లూ పనిచేయదు, నాలుగైదుసార్లు దెబ్బతిన్నాను.

డాక్టర్ హెడ్డింగ్ ఏమైందో చెప్పలేదు కదా. కథనం రాగానే "రోగి మృతిపై విచారణ: పోలీసుల అదుపులో వైద్యురాలు" అని మార్చాను, కింది వాక్యం తీసేశాను, సవరణ జరిగిందని ఒక లైను పెట్టాను. వారం తర్వాత ఆమెను ప్రశ్నించి పంపేశారని వార్త వస్తే, పాత కథనానికి లింకు ఇద్దామని వెతికాను. పేజీ తెరిస్తే అంతా సవరించినట్టే ఉంది. పైన అడ్రస్ బార్‌లో మాత్రం లింకు చివర `doctor-arrest` అని అలాగే ఉంది. లింకు మారిస్తే అప్పటికే పంచుకున్నవాళ్లకు పేజీ తెరుచుకోదని టెక్నికల్ వాళ్లు చెప్పారు. ఇప్పటికీ అలాగే ఉంది.